మాస్టారి రెండో ఉత్తరం

మా వీధి చివరింటి మాస్టారు మొన్న జులై మొదటి వారంలో చేతిలో రెండు కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కాగితాలు బల్ల మీద పెట్టి, "చూడండి, మీవాళ్లు ఏమిచ్చారో" అన్నారు. నేను బ్యాంకు నుంచి రిటైరై నాలుగేళ్లయింది. అయినా ఆయన లెక్కలో ఊళ్లో ఉన్న బ్యాంకులన్నీ ఇప్పటికీ నావే.

చూశాను. ఆయన సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంటు. 2026 ఏప్రిల్ 1 నుంచి జులై 2 దాకా ఉంది. మూడు నెలల పెన్షను, గ్యాసు బండ డబ్బులు, కరెంటు బిల్లు, గుడికి రాసిన చెక్కు ఒకటి. ఇన్‌కంటాక్స్ రిటర్ను వేయడానికి అందులో అక్షరం ముక్క కూడా పనికిరాదు. "మీరేం అడిగారు?" అంటే జేబులోంచి ఉత్తరం నకలు తీశారు. గుండ్రటి చేతిరాత, ఒక్కటే వాక్యం: "అయ్యా, ఇన్‌కంటాక్స్ నిమిత్తం నాకు 2026-27 సంవత్సరపు స్టేట్‌మెంటు ఇప్పించగలరని మనవి."

కౌంటర్లో ఉన్న అమ్మాయిని తప్పు పట్టలేం. ఆయన అడిగిందే ఇచ్చింది.

నిరుటి రిటర్ను కాగితం మీద అసెస్‌మెంట్ ఇయర్ 2025-26 అని ఉంది. దానికి ఒకటి కలిపి మాస్టారు 2026-27 అని రాశారు. లెక్కల మాస్టారు కదా, కూడిక తప్పలేదు. కానీ అసెస్‌మెంట్ ఇయర్ అంటే డబ్బు సంపాదించిన ఏడాది కాదు, దాని మీద పన్ను లెక్క తేల్చే ఏడాది. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయం ఆర్థిక సంవత్సరం 2025-26 కిందికి వస్తుంది. ఆ ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. బ్యాంకు వాళ్లకు ఈ రెండో పేరుతో పనే లేదు, వాళ్ల పుస్తకాలన్నీ ఆర్థిక సంవత్సరం మీదే నడుస్తాయి.

ఈ ఏడాది ఇంకో చిక్కు కూడా వచ్చి పడింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అసెస్‌మెంట్ ఇయర్ అనే మాట తీసేసి, సంపాదించిన ఏడాదినే ట్యాక్స్ ఇయర్ అన్నారు. మంచి పనే. కానీ ఇప్పుడు వేస్తున్న రిటర్ను పాత చట్టం నాటి ఆదాయానిది కాబట్టి దానికి అసెస్‌మెంట్ ఇయర్ అలాగే ఉంది. అంటే 2026-27 అనే అంకె ఈ ఒక్క ఏడాదికి రెండు అర్థాలు మోస్తోంది: పోయినేటి ఆదాయానికి అది అసెస్‌మెంట్ ఇయర్, ఇప్పుడు నడుస్తున్న ఆదాయానికి ట్యాక్స్ ఇయర్. ఉత్తరంలో ఆ అంకె రాస్తే అవతలి మనిషి ఏ అర్థం తీసుకుంటాడో దేవుడికెరుక. అందుకే బ్యాంకుకు రాసే ఉత్తరంలో సంవత్సరం పేరు రాయొద్దని నేనంటాను. తేదీలు రాయాలి. 01-04-2025 నుంచి 31-03-2026 వరకు. రెండు తేదీలు రాశాక ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు.

"సరే, తేదీలు రాసి మళ్లీ తెస్తాను" అని మాస్టారు లేవబోయారు. కూర్చోబెట్టాను. తేదీలు సరిచేసినా ఆయనకు కావలసింది ఆ స్టేట్‌మెంటులో దొరకదు. అసలు తిరకాసు అక్కడుంది.

మాస్టారికి ఆ బ్యాంకులో మూడు ఖాతాలున్నాయి. పెన్షను పడే సేవింగ్స్ ఖాతా ఒకటి. 6 లక్షల ఎఫ్‌డీ ఒకటి, ఏడు శాతం వడ్డీ, ప్రతి క్వార్టరు ఆఖర్న సేవింగ్స్‌లో పడుతుంది. మూడోది 10 లక్షల క్యుములేటివ్ డిపాజిట్. అది కూడా ఏడు శాతమే, మూడేళ్ల గడువు, 2024 ఏప్రిల్లో వేశారు. దాని వడ్డీ చేతికి రాదు. మూడు నెలలకోసారి అసలులో కలిసి, గడువు తీరాక మొత్తం ఒకేసారి వస్తుంది. ఆ ఎఫ్‌డీ కాగితాన్ని, మన ఊళ్లలో అందరూ 'బాండు' అనే దాన్ని, ఆయన బీరువాలో పెట్టి మరిచిపోయారు. పోయినేడు దాని తరఫున ఒక్క రూపాయీ పాస్‌బుక్కులో పడలేదు కాబట్టి అది ఆదాయమన్న ఊహే ఆయనకు లేదు.

లెక్క వేసి చూపించాను. 10 లక్షల మీద మొదటి ఏడాది వడ్డీ సుమారు 72,000. అది అసలులో కలిసింది. రెండో ఏడాది, అంటే ఇప్పుడు రిటర్ను వేయాల్సిన ఏడాది, వడ్డీ సుమారు 77,000. ఆ సొమ్ము ఆయన చేతికి రాకపోయినా బ్యాంకు తన పుస్తకాల్లో ఆయన పేరు మీద జమకట్టింది, ఆయన పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు చెప్పేసింది కూడా.

ఇక 6 లక్షల ఎఫ్‌డీ. ఏడు శాతానికి ఏడాదికి 42,000, క్వార్టరుకు 10,500 రావాలి. పాస్‌బుక్కు తీయించి చూశాను. ప్రతి క్వార్టరూ 9,450 పడింది. "అవును, నిరుడు పదివేల అయిదువందలు పడేది, ఈసారి తగ్గింది. రేటు తగ్గించారనుకున్నా" అన్నారు మాస్టారు. ఎఫ్‌డీ రేటు గడువు తీరేదాకా మారదు. తగ్గిన ఆ 1,050 టీడీఎస్, అంటే బ్యాంకు ముందుగానే కోసి ప్రభుత్వానికి కట్టిన పన్ను.

2025 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ఇది: అరవై దాటినవాళ్లకు ఒక బ్యాంకులో డిపాజిట్ల వడ్డీ ఏడాదికి లక్ష రూపాయలు దాటితే పది శాతం టీడీఎస్ కోస్తారు. మిగతావాళ్లకు ఆ గీత 50,000 దగ్గర ఉంది. సేవింగ్స్ వడ్డీ ఈ లెక్కలోకి రాదు. గీత దాటాక కోత దాటినంత మేరకే కాదు, మొత్తం వడ్డీ మీద పడుతుంది. పాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం. ఈ బ్రాంచిలో కొంత, ఆ బ్రాంచిలో కొంత వేస్తే తప్పించుకోవచ్చనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కోర్ బ్యాంకింగ్ వచ్చాక అన్ని బ్రాంచిల డిపాజిట్లూ కలిపే లెక్కేస్తారు.

మాస్టారికి 77,000, 42,000 కలిపి 1,19,000. గీత దాటింది. పది శాతం 11,900 పోయింది. నిజానికి ఆయన ఆదాయానికి పన్నే పడదు. అలాంటివాళ్లు ఏడాది మొదట్లో బ్యాంకుకు 15హెచ్ అనే డిక్లరేషన్ ఇస్తే టీడీఎస్ కోయరు. డిపాజిట్లు వేసిన ఏడాది ఆయన ఇచ్చారు. దాన్ని ప్రతి ఏడాదీ కొత్తగా ఇవ్వాలి. 2025 ఏప్రిల్లో దంపతులిద్దరూ బెంగళూరులో కొడుకు దగ్గరున్నారు, ఆ సంగతే గుర్తు రాలేదు.

ఇప్పుడు పాస్‌బుక్కు చూసి రిటర్ను వేస్తే ఏమవుతుందో చూడండి. పాస్‌బుక్కులో కనబడేది ఎఫ్‌డీ వడ్డీ 37,800, సేవింగ్స్ వడ్డీ 4,300. మొత్తం 42,100. అసలు వడ్డీ 1,23,300. తేడా 81,200. ఇందులో 77,000 క్యుములేటివ్ డిపాజిట్ వడ్డీ, 4,200 ఎఫ్‌డీ వడ్డీలోంచి టీడీఎస్ కింద పోయింది. చేతికి వచ్చింది 9,450 అయినా ఆదాయం 10,500 అనే చూపించాలి. కోసిన పన్ను కూడా మన ఆదాయంలో భాగమే. వడ్డీ 42,100 అని చూపించి, 11,900 టీడీఎస్ వెనక్కి ఇమ్మంటే పన్ను శాఖ కంప్యూటరు ఊరుకోదు. ఇంత పన్ను కోశారంటే వడ్డీ లక్ష పైనే ఉండాలని దానికి తెలుసు. రిఫండు ఆగుతుంది, వివరణ అడుగుతూ మెసేజీ వస్తుంది.

చేతికి రాని వడ్డీని ఏటా చూపించడమెందుకు, గడువు తీరినప్పుడు ఒకేసారి చూపిస్తే పోదా అని మాస్టారి ప్రశ్న. చట్టం దానికీ ఒప్పుకుంటుంది, కాకపోతే పట్టిన పద్ధతిని మార్చకుండా నడపాలి. కానీ బ్యాంకు మాత్రం ఏటా చెబుతుంది, ఏటా టీడీఎస్ కోస్తుంది. మనం ఒక దారి, బ్యాంకు ఒక దారి అయితే ప్రతి ఏడాదీ సంజాయిషీ చెప్పుకోవాలి. పైగా మూడేళ్ల వడ్డీ 2,31,000 ఒకే ఏడాది నెత్తిన పడుతుంది. జీతం బాగా ఉన్నవాళ్లకైతే అది పై స్లాబులోకి తోస్తుంది. ఏటా చూపించుకోవడమే సుఖం.

కాబట్టి మాస్టారికి కావలసినవి మూడు వేర్వేరు కాగితాలు. స్టేట్‌మెంటు అంటే ఒక ఖాతాలోకి వచ్చినవీ పోయినవీ తేదీల వారీగా చూపే పట్టిక. వడ్డీ సర్టిఫికెట్ అంటే ఆ మనిషి పేరున ఉన్న ఖాతాలన్నిటి మీదా ఏడాదిలో ఎంత వడ్డీ అయిందో చెప్పే కాగితం. చేతికిచ్చిందీ, లోపలే జమకట్టిందీ రెండూ అందులో ఉంటాయి. మూడోది టీడీఎస్ సర్టిఫికెట్, ఫారం 16ఏ. బ్యాలెన్స్ సర్టిఫికెట్ అని నాలుగోది ఉంది, ఫలానా రోజున ఖాతాలో ఇంత ఉందని వీసా కోసమో, పిల్లల విదేశీ చదువు కోసమో ఇచ్చేది. 'ఇన్‌కంటాక్స్‌కి సర్టిఫికెట్ కావాలి' అని మాత్రమే అంటే కౌంటర్లో హడావుడిగా ఉన్న మనిషి దీన్నే చేతిలో పెట్టి పంపిన సందర్భాలు నా సర్వీసులో చాలా చూశాను. ఒకటి రెండుసార్లు ఆ హడావుడి మనిషిని నేనే.

నిరుడు కొడుకు వచ్చినప్పుడు ఫోన్లోనే ఇవన్నీ దించి ఆడిటరుకు పంపాడట. నెట్ బ్యాంకింగ్ ఉన్నవాళ్లకు అదే దారి, ఉత్తరంతో పనిలేదు. మాస్టారికి ఆ ఫోను అలవాటు లేదు. ఇద్దరం కూర్చుని రెండో ఉత్తరం రాశాం. ఆయనే తెలుగులో రాస్తానన్నారు. నేనూ అదే చెప్పాను. ప్రాంతీయ భాషలో సేవలందించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఎప్పటినుంచో చెబుతోంది, తెలుగు ఉత్తరాన్ని ఎవరూ కాదనరు. నంబర్లు మాత్రం పాస్‌బుక్కులో ఉన్నవి ఉన్నట్టు దించాలి. పేరు కూడా పాన్ కార్డులో ఎలా ఉందో ఆ వరసలోనే, ఇంటిపేరు ముందైతే ముందే.

ఉత్తరం ఇదీ. నంబర్ల దగ్గర ఖాళీ వదిలాను.

తేది: 03-07-2026

బ్రాంచి మేనేజరు గారికి,
............ బ్యాంకు, ............ శాఖ.

విషయం: 01-04-2025 నుంచి 31-03-2026 వరకు వడ్డీ సర్టిఫికెట్, టీడీఎస్ సర్టిఫికెట్, ఖాతా స్టేట్‌మెంటు ఇప్పించవలసిందిగా విన్నపం.

అయ్యా,

నేను మీ శాఖ ఖాతాదారుణ్ని. నా కస్టమర్ ఐడీ ............, పాన్ ............ . ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయడానికి 01-04-2025 నుంచి 31-03-2026 వరకు ఈ కింది కాగితాలు ఇప్పించండి.

1. నా కస్టమర్ ఐడీ కింద ఉన్న అన్ని ఖాతాల వడ్డీ సర్టిఫికెట్. సేవింగ్స్ వడ్డీ, డిపాజిట్ల వడ్డీ విడివిడిగా చూపించాలి. క్యుములేటివ్ డిపాజిట్ మీద ఈ ఏడాది జమకట్టిన వడ్డీ కూడా కలిసి ఉండాలి. ఈ ఏడాది మధ్యలో మూసిన ఖాతాలేవైనా ఉంటే వాటి వడ్డీ కూడా కావాలి.

2. నాలుగు క్వార్టర్ల ఫారం 16ఏ.

3. సేవింగ్స్ ఖాతా నం. ............ స్టేట్‌మెంటు.

నా ఎఫ్‌డీ ఖాతా నంబర్లు: ............, ............ . ఈ రెండిటికీ నా పాన్ నమోదై ఉందో లేదో కూడా దయచేసి చూడండి.

పాన్ కార్డు, పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్సులు జతచేశాను. కాగితాలు నేనే స్వయంగా వచ్చి తీసుకుంటాను.

ఇట్లు,
(సంతకం)
పేరు, చిరునామా, ఫోన్ నంబరు

ఇందులో అన్నిటికన్నా బరువైన మాట కస్టమర్ ఐడీ. కొన్ని బ్యాంకుల్లో దాన్ని సీఐఎఫ్ నంబరంటారు, పాస్‌బుక్కు మొదటి పేజీలో ఖాతా నంబరుకు దగ్గర్లోనే ఉంటుంది. ఖాతా నంబరు ఒక ఖాతాకే తాళం. కస్టమర్ ఐడీ ఆ మనిషి పేరున ఉన్న ఖాతాలన్నిటికీ తాళం. మాస్టారు మొదటి ఉత్తరంలో సేవింగ్స్ నంబరు ఒక్కటే ఇచ్చారు, ఆ అమ్మాయి ఆ ఒక్క తలుపే తీసింది. ఐడీ ఇచ్చి ఉంటే ఎఫ్‌డీలు రెండూ ఆమె స్క్రీను మీద వరసగా కనబడేవి. అయితే ఒకే మనిషికి రెండు ఐడీలు ఉండటమూ కద్దు. పాతికేళ్ల కిందట ఒక బ్రాంచిలో ఖాతా తెరిచి, తర్వాత ఇంకో బ్రాంచిలో పాన్ ఇవ్వకుండా డిపాజిట్ వేస్తే ఆ డిపాజిట్ వేరే ఐడీ కింద ఉండిపోతుంది. సర్టిఫికెట్లో అది రాదు. అందుకే ఎఫ్‌డీ నంబర్లు కూడా విడిగా రాయించాను, పాన్ సంగతి చూడమని కూడా.

భార్యాభర్తల పేరున కలిపి ఉన్న డిపాజిట్ అయితే బ్యాంకు ఆ వడ్డీని మొదటి పేరు గలవారి పాన్ మీదే చూపిస్తుంది. డబ్బు ఎవరిదన్నది బ్యాంకుకు తెలియదు. మాస్టారి రెండు ఎఫ్‌డీల్లోనూ రెండో పేరు అమ్మగారిది. మొదటి పేరు ఆయనదే కాబట్టి పేచీ లేదు.

సేవింగ్స్, డిపాజిట్ల వడ్డీ విడివిడిగా అడగడానికీ కారణముంది. రిటర్నులో వాటికి వేర్వేరు గళ్లుంటాయి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకైతే మినహాయింపు కూడా దీన్ని బట్టే. అరవై లోపువారికి సేవింగ్స్ వడ్డీలో 10,000 వరకు మాత్రమే మినహాయింపు, ఎఫ్‌డీ వడ్డీకి ఏమీ లేదు. అరవై దాటితే రెండూ కలిపి 50,000 వరకు. కొత్త విధానంలో ఈ రెండూ లేవు.

ఏడాది మధ్యలో మూసిన ఖాతా సంగతి ఎవరూ అడగరు, అక్కడే దెబ్బ తింటారు. జూన్‌లో ఎఫ్‌డీ గడువు తీరి డబ్బు తీసుకున్నారనుకోండి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వడ్డీ ఈ ఏడాదిదే. మార్చి ఆఖరికి ఆ ఖాతా లేదు కాబట్టి, ఉన్న ఖాతాలకే సర్టిఫికెట్ తీస్తే అది జారిపోతుంది. గడువుకు ముందే మూసిన ఎఫ్‌డీది ఇంకో కథ. బ్యాంకు తక్కువ రేటుతో వడ్డీని మొదటినుంచీ తిరగలెక్కేస్తుంది. వెనకటి ఏడాది ఎక్కువ జమకట్టి ఉంటే ఈ ఏడాది వడ్డీలోంచి దాన్ని తగ్గిస్తుంది. సర్టిఫికెట్లో ఒక వరసలో మైనస్ గుర్తు కనబడితే కంగారు పడి కొట్టివేయించుకోవద్దు, అదేమిటో అడిగి తెలుసుకోండి.

గ్రామీణ బ్యాంకుల్లో ఖాతాలున్నవాళ్లు ఈసారి ఇంకో మాట కలపాలి. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అంటే ఈ లెక్క ఏడాదిలో ఏప్రిల్ నెల పాత బ్యాంకు పేరున, మిగతా పదకొండు నెలలు కొత్త బ్యాంకు పేరున నడిచాయి. ఉత్తరంలో పాత పేరు, పాత ఖాతా నంబరు కూడా రాసి, ఏడాది మొత్తానికీ కావాలని అడగడం మంచిది. చీరాలలో ఉండే మా మేనత్త దగ్గర ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కు ఇంకా భద్రంగా ఉంది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్లోనే యూనియన్ బ్యాంకులో కలిసిపోయిందంటే ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. ఉత్తరం మాత్రం యూనియన్ బ్యాంకుకే రాయాలి.

ఇంటిలోను కట్టేవాళ్లకు కావలసింది మనకొచ్చిన వడ్డీ కాదు, మనం కట్టిన వడ్డీ. ఉత్తరం అదే, లోను ఖాతా నంబరు మారుతుంది. అసలు ఎంత, వడ్డీ ఎంత అని విడగొట్టమని రాయాలి, 'ప్రొవిజనల్' కాదు, ఏడాది ముగిశాక ఇచ్చే అసలు సర్టిఫికెట్ కావాలని రాయాలి. డిసెంబరులో ఆఫీసుకిచ్చే ప్రొవిజనల్ కాగితం వాయిదాలన్నీ సరిగ్గా కడతారనే అంచనా మీద తయారవుతుంది. మధ్యలో ఒక వాయిదా తప్పినా, ముందే కొంత అసలు కట్టేసినా అందులోని అంకె నిలవదు.

ఇక ఎప్పుడు అడగాలి? ఏప్రిల్ రెండో వారం నుంచి వడ్డీ సర్టిఫికెట్ అడగొచ్చు. మార్చి 31న పడే వడ్డీ అప్పటికి పుస్తకాలకెక్కి ఉంటుంది. ఫారం 16ఏ మాత్రం అప్పుడే రాదు. జనవరి నుంచి మార్చి దాకా కోసిన టీడీఎస్ లెక్కను బ్యాంకు పన్ను శాఖకు మే 31 లోపు ఇస్తుంది, ఆ తర్వాత పదిహేను రోజులకు, అంటే జూన్ 15కి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏప్రిల్లో వెళ్లి 16ఏ ఇవ్వలేదని మేనేజరు మీద కేకలేసి లాభం లేదు. జులై 31 రిటర్నుకు ఆఖరి రోజు కాబట్టి జూన్ రెండో పక్షం సరైన సమయం. జులై ఆఖరి వారంలో కౌంటరు ముందు నిలబడటం ఎలా ఉంటుందో అటు వైపు నుంచి ముప్పై ఏళ్లు చూశాను, ఎవరికీ చెప్పను.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లమన్నాను. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద బ్యాంకు స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోవాలి. అడిగితే మొహం చిట్లించేవాళ్లుంటారు, వేయించుకోవాల్సిందే. కాగితాలు ఇవ్వకుండా తిప్పితే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టుకోవచ్చు. ఆ ముప్పై రోజుల లెక్కకు మొదలు ఆ ఫిర్యాదు బ్యాంకుకు అందిన తేదీ. నిజం చెప్పాలంటే ఇంత చిన్న పనికి అంత దూరం పోయినవాళ్లను నేను చూడలేదు. స్టాంపు పడ్డ ప్రతి జేబులో ఉంటేనే పని సగం జరిగిపోతుంది.

మూడో రోజు మాస్టారు కవరుతో వచ్చారు. ఈసారి నాలుగు కాగితాలు, అన్నీ సరైనవే. సర్టిఫికెట్లో క్యుములేటివ్ వడ్డీ మా చేతి లెక్కకు కొన్ని రూపాయల తేడాలో ఉంది, టీడీఎస్ కోసిన తేదీలను బట్టి అలా ఉంటుంది. ఆడిటరు ఆఫీసులో కుర్రాడు పన్ను శాఖ పోర్టల్లో ఏఐఎస్ తెరిచాడు. ఏడాదిలో మన పాన్ మీద ఎవరెవరు ఏం చెప్పారో అన్నీ వరసగా కనబడే పట్టిక అది. `Interest from savings bank` దగ్గర ఒక అంకె, `Interest from deposit` దగ్గర ఒక అంకె. రెండూ సర్టిఫికెట్‌తో సరిపోయాయి. సరిపోకపోతే ఏం చేయాలని మాస్టారు అడిగారు. బ్యాంకు పొరపాటని సర్టిఫికెట్ చూపిస్తుంటే ఆ వరస పక్కనే `Information is not fully correct` అని ఎంచుకుని సరైన అంకె ఇవ్వొచ్చు, బ్యాంకుకూ రాసి దిద్దించుకోవాలి. అక్కడ కనబడే అంకెను కళ్లు మూసుకుని రిటర్నులోకి దించేయడం నాకు నచ్చదు. అది బ్యాంకు చెప్పిన మాటే, చెప్పడంలో బ్యాంకులూ పొరబడతాయి. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు కలిస్తేనే నమ్మకం.

పెన్షను ఏడాదికి 5,40,000. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 4,65,000. వడ్డీ 1,23,300 కలిపితే 5,88,300. ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి రిబేటు పోను పన్ను సున్నా. కోసిన 11,900 మొత్తం వెనక్కి రావాలి. సర్టిఫికెట్లేవీ రిటర్నుకు జతచేయనక్కర్లేదు, శాఖ అడిగితే చూపించడానికి ఇంట్లో ఉంచుకుంటే చాలు. కుర్రాడు రిటర్ను పంపేశాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీని మాస్టారు అంకె అంకె ఆపి ఆపి చదివారు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చారు, పాస్‌బుక్కు తెరిచి పట్టుకుని. బ్యాంకుకెళ్లినప్పుడు ఎంట్రీలు కూడా వేయించారట.

"ఏమండీ, ఈ జూన్ ఆఖర్న కూడా 9,450 పడింది."

"ఈ ఏప్రిల్లో డిక్లరేషన్ ఇచ్చారా?"

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. "కొత్త చట్టమన్నారు కదా, ఆ ఫారం ఇంకా ఉందా?"

"ఫారం నంబరు మారింది, పని అదే. ఇవాళే వెళ్లి ఇచ్చేయండి, సెప్టెంబరు వడ్డీ నుంచి కోయరు."

"మరి ఈ 1,050?"

"అది వచ్చే ఏడాది ఉత్తరంలో, మాస్టారూ."